కూలరు లెక్క మీద నా సంతకం

మెదక్ పట్టణంలో నేను ముప్పై ఏళ్లకు పైగా పాలిటెక్నిక్ విద్యార్థులకు ఉష్ణశాస్త్రం బోధించాను. ఉద్యోగ విరమణ తరువాత కూడా చిన్న కర్మాగారాల వారు, వెల్డింగ్ షాపుల వారు లెక్కల కాగితాలు పట్టుకొని మా ఇంటికి రావడం మానలేదు. వారికి నేను పెట్టిన నియమాలు కొన్ని ఉన్నాయి. ఉదయం తొమ్మిది తరువాతనే రావాలి. కాగితాలు వరుస సంఖ్యలతో ఉండాలి. కొలతల ప్రమాణాలు ప్రతి పంక్తిలోనూ రాసి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా నేను కాగితం తిరిగి ఇచ్చేవాణ్ణి. ఇంత క్రమశిక్షణ ఉన్నవాడు తప్పు చేయడని నేను నమ్మాను. ఊళ్లో కూడా అలాగే నమ్మారు. ఇప్పుడు రాస్తున్నది ఆ నమ్మకం వల్ల ఒక మనిషికి జరిగిన నష్టాన్ని గురించి.

ఒక వేసవి ఉదయం ఇద్దరు వచ్చారు. ఒకరు పట్టణం చివర తవుడు నూనె శుద్ధి చేసే మిల్లు యజమాని. రెండవవాడు నా పూర్వ విద్యార్థి. తండ్రి కాలం నుంచి నడుస్తున్న వెల్డింగ్ షాపును పెంచి, ట్యూబులతో హీటర్లు తయారు చేసి జిల్లా అంతటా అమ్ముతున్నవాడు. వారి తగవు ఒక కూలరును గురించి.

ఆ మిల్లులో నూనె వాసన తీసే పెద్ద పాత్ర ఒకటి ఉంది. అందులోకి నూనెను ట్యూబు హీటరులో వేడి చేసి పంపుతారు. వాసన పోయిన తరువాత రెండు వందల డిగ్రీల వేడి మీద ఉన్న నూనెను పంపు తోడి రెండు కూలర్ల గుండా నడుపుతుంది. ట్యూబు లోపల నూనె, వెలుపల నీళ్లు. మొదటి కూలరు నూనెను నూట ఇరవైకి దించాలి. రెండవది దాన్ని గాలి తగిలినా చెడని వేడికి దించాలి. మొదటి కూలరు కొత్తది, నా విద్యార్థి చేసినది. దాని నుంచి నూనె నూట నలభై డిగ్రీల మీద వస్తున్నది. మిగిలిన వేడిని దించడం రెండవదాని వల్ల కావడం లేదు. ట్యాంకులో నూనె వేడిగా పడి, గాలి తగిలి, రంగు మారుతున్నది. కొన్న వారు రెండు విడతలు తిప్పి పంపారు.

“సార్, నా ట్యూబుల తప్పు లేదు,” అన్నాడు షాపు అతను. “లెక్క మొత్తం తెచ్చిన. జర చూసి చెప్పుండ్రి. నడిపేటోళ్లు సరిగ్గ నడిపితే నూట ఇరవై రావాలె.”

“నడిపేది ఆడమనిషి సార్,” అన్నాడు యజమాని. “మీ స్టూడెంటే అంట. పాపన్నపేట నుంచి వస్తది. ల్యాబుల ఉండె, నేనే షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ చేసిన. పని జల్ది ఒడగొట్టుకోని ఇంటికి పోవాలని వాల్వు ఎక్కువ తిప్పుతుందని నా అనుమానం. లేకుంటే బోరు నీళ్ల గార పట్టింది, కడగలేదు. రెండిట్ల ఏదైనా ఆమెదే తప్పు. లెక్క తప్పయితే మాత్రం ఈయనది. మీరు ఏది చెప్తే అది.”

ఆమె నాకు గుర్తుంది. మూడవ వరుసలో కూర్చునేది. ప్రశ్నలు తక్కువ, రాత శుభ్రం. ఆ మిల్లులో షిఫ్టు బాధ్యత అందుకున్న మొదటి స్త్రీ ఆమేనని యజమానే చెప్పాడు. అంటే నా తీర్పు మీద ఆమె స్థానం ఆధారపడి ఉందన్నది నాకు ఆ క్షణాన్నే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

రెండు రోజులు గడువు అడిగి లెక్కను మొదటి పంక్తి నుంచి చూశాను. ట్యూబులో వేగంగా పోయే ద్రవం పొరలు పొరలుగా కాక సుడులు తిరుగుతూ, గోడ దగ్గరిది మధ్యకు, మధ్యది గోడ దగ్గరకు కలుస్తూ పోతుంది. దాన్ని సంక్షుబ్ధ ప్రవాహం అంటాము. ఆ కలయిక గణితంతో పూర్తిగా పట్టుబడదు. కాబట్టి ప్రయోగాల నుంచి తీసిన సూత్రాలలో తగినది ఎంచుకోవాలి. ముందుగా ప్రవాహం నిజంగా సంక్షుబ్ధమా కాదా చెప్పే సంఖ్యను చూడాలి. పదివేలు దాటాలి. ఇక్కడ ఇరవై వేలు దాటింది. ట్యూబు పొడవు వ్యాసానికి ఎన్నో రెట్లు ఉంది. తరువాత సూత్రం ఎంపిక. నీటివంటి ద్రవానికి, గోడకూ ద్రవానికీ వేడిలో పెద్ద తేడా లేనప్పుడు, ఒక సులభ సూత్రం సరిపోతుంది. నూనెకు అది మొదటి ఎంపిక కాదు. నూనె జిగట వేడితో విపరీతంగా మారుతుంది. ట్యూబు మధ్య రెండు వందల దగ్గర నీళ్లలా పారే నూనె, చల్లని గోడ దగ్గర చిక్కబడుతుంది. అందుకని రెండవ సూత్రం వాడాలి. అందులో మధ్యనున్న నూనె జిగటకూ గోడ దగ్గరి జిగటకూ ఉన్న నిష్పత్తిని, ఒక చిన్న ఘాతానికి పెంచి, గుణించాలి.

షాపు అతను సరిగ్గా ఆ రెండవ సూత్రాన్నే ఎంచుకున్నాడు. నాకు సంతోషం కలిగింది. జిగట విలువలు పుస్తకంలోనివే. గుణకారాలు, భాగహారాలు అన్నీ నేను మళ్లీ చేశాను. ఒక్క అంకె కూడా తప్పు లేదు. మూడవ రోజు ఉదయం తెల్లకాగితం మీద ఇలా రాశాను: “కూలరు పరిమాణమునకు సంబంధించిన లెక్కలో దోషము కనిపించలేదు. లోపమును నిర్వహణలో వెదకవలసి ఉన్నది.” సంతకం, తేదీ పెట్టి ఇచ్చాను. మిల్లుకు వెళ్లలేదు. అది మా ఇంటికి రెండు మైళ్లు కూడా ఉండదు. కాగితం సరిగా ఉన్నప్పుడు వెళ్లవలసిన అవసరం నాకు కనిపించలేదు.

వారం తరువాత ఆమె వచ్చింది. తొమ్మిదిన్నర అయింది. చేతిలో మిల్లు లాగ్ బుక్కు నుంచి నకలు తీసుకున్న కాగితాలు ఉన్నాయి. వాటి మీద వరుస సంఖ్యలు వేసి ఉన్నాయి.

“కూర్చో అమ్మా.”

“నన్ను షిఫ్ట్ నుంచి తీసిండ్రు సార్,” అంది కూర్చోకుండానే. “మీ కాగితం గోడకు అతికించిండ్రు. దాని పక్కనే అటెండెన్స్ రిజిస్టర్ ఉంటది. అందరు చదువుతున్నరు.”

“నీ మీద నేను ఏమీ రాయలేదు.”

“పేరు రాయలేదు సార్. నిర్వహణ అని రాసిండ్రు. ఆ మిల్లుల నిర్వహణ అంటే నేనే.”

ఆమె కూర్చొని కాగితాలు బల్ల మీద పరిచింది.

“వాల్వు ఎక్కువ తిప్పిన అన్నరు. పాత్ర ఖాళీ అయ్యే టైము ప్రతి బ్యాచ్‌కు రాసిన. డిజైన్‌ల నలభై నిమిషాలు. నాకు నలభై రెండు, నలభై మూడు పట్టింది. అంటే నూనె మెల్లగనే పోయింది. ఇంక జర చల్లగ రావాలె గని వేడిగ ఎందుకొస్తది?”

“గార?”

“కూలరు విప్పించి చూసిన సార్. ట్యూబుల మీద గోరుతో గీకితే ఇనుమే కనపడ్డది. అయినా యాసిడ్‌తోని కడిగించిన. కడిగినంక నూట నలభై, కడగకముందు నూట నలభై ఒకటి.”

మూడవ కాగితం ముందుకు జరిపింది. అది కూలరుది కాదు, హీటరుది.

“గిది చూడుండ్రి. హీటరు గూడ ఆయన చేసిందే. గదే సైజు ట్యూబు, గదే నూనె, గదే సూత్రం. దాంట్ల కాగితంల రాసినదానికన్న రెండు డిగ్రీలు ఎక్కువే వస్తది. నడపనీకి నాకు రాకపోతే హీటరు ఎట్ల నడిచింది సార్? నూనెను వేడి చేసే కాడ లెక్క కరెక్టు. చల్లార్చే కాడ తప్పు. మధ్యల మారింది నేను కాదు గదా.”

ఇరవై ఏళ్ల క్రితం అదే గొంతుతో ఆమె హాజరు పలికేది. వెంటనే మళ్లీ అడిగింది.

“ఒక్కటి అడుగుత. మొదటి సూత్రంల వేడి చేస్తే ఘాతం సున్నా పాయింట్ నాలుగు, చల్లారిస్తే సున్నా పాయింట్ మూడు అని చెప్పిండ్రు. రెండో సూత్రంల ఘాతం ఒక్కటే. వేడి చేసినా గదే, చల్లార్చినా గదే. మరి ఆ తేడా ఏడికి పోయింది సార్? నాకు నెల నుంచి సమజైతలేదు.”

ఆ ప్రశ్న తరగతిలో ఎవరూ అడగలేదు. జవాబు నాకు తెలుసు. ఆ తేడా జిగటల నిష్పత్తిలో ఉంది. పైన మధ్యనున్న నూనె జిగట, కింద గోడ దగ్గరి జిగట. ఎప్పుడూ అదే క్రమం. వేడి చేసేటప్పుడు గోడ వేడిగా ఉండి అక్కడి నూనె పలచబడుతుంది. కాబట్టి నిష్పత్తి ఒకటికి మించుతుంది, ఉష్ణం బాగా పోతుంది. చల్లార్చేటప్పుడు గోడ దగ్గరి నూనె చిక్కబడి, గోడను అంటుకొని ఒక మందపు పొరలా అడ్డు నిలుస్తుంది. కాబట్టి నిష్పత్తి ఒకటికి తగ్గుతుంది, ఉష్ణం తక్కువ పోతుంది. దిశను వేరుగా చెప్పనక్కర లేదు. నిష్పత్తే చెబుతుంది.

ఇది చెబుదామని నోరు తెరిచి, షాపు అతని లెక్కలో ఆ పంక్తిని వెతికాను. గోడ దగ్గరి జిగట పద్నాలుగు, మధ్యది మూడు. అతను పద్నాలుగును పైన వేసి మూడును కింద వేశాడు. ఘాతానికి పెంచాక ఫలితం ఒకటి పాయింట్ రెండు నాలుగు. నేను దాని పక్కన సరి గుర్తు పెట్టాను. నా చేతి గుర్తే.

“ఇది తలకిందులుగా ఉంది,” అన్నాను.

ఆమె వంగి చూసింది. ఆశ్చర్యపోలేదు. “పెద్దది పైన, చిన్నది కింద,” అంది. “గట్లనే గదా సార్ రాయాలె? నోట్సుల గట్లనే ఉంది. నేను గూడ గట్లనే రాస్త.”

ఆ వాక్యం నాదే. సిలబస్‌లోని సమస్యలన్నీ నూనెను వేడి చేసేవే. పరీక్షల్లో పిల్లలు ఏ జిగట పైన వేయాలో తడబడి మార్కులు పోగొట్టుకొనేవారు. ఒక సంవత్సరం సగం తరగతి అలా తప్పింది. విసిగి, మరుసటి ఏడు నుంచి నోట్సులో చెప్పి రాయించాను: నిష్పత్తిలో ఎప్పుడూ పెద్దది పైన, చిన్నది కింద. వేడి చేసే సమస్యకు అది సరిపోతుంది, ఎందుకంటే అక్కడ మధ్యనున్న నూనెదే పెద్ద జిగట. మార్కులు పెరిగాయి. నేను ఆ పద్ధతిని గురించి తోటి అధ్యాపకులకు కూడా చెప్పాను. ఏళ్ల తరబడి రాయించి రాయించి, సూత్రంలోని అసలు క్రమం నా కంటికే కనిపించడం మానింది. నా నోట్సు చదివినవాడు వేసిన లెక్కను నేను నా నోట్సుతోనే సరిచూశాను.

కాగితం తీసుకొని ఆమె ముందే మళ్లీ వేశాను. మూడు పైన, పద్నాలుగు కింద. సున్నా పాయింట్ ఎనిమిది ఒకటి వచ్చింది. అంటే ట్యూబు లోపలి వైపు ఉష్ణం పోయే తీరును నిజానికి ఉన్నదానికి ఒకటిన్నర రెట్లుగా లెక్కించారు. కూలరు కావలసిన దానిలో మూడింట రెండు వంతులే ఉంది. నీటి వైపు అడ్డు చాలా తక్కువ కాబట్టి ఆ తప్పు దాదాపు పూర్తిగా కూలరు పనితీరులో కనపడుతుంది. బయటికి వచ్చే నూనె వేడి ఎంత ఉండాలో వేస్తే నూట నలభై వచ్చింది. ఆమె లాగ్ బుక్కులో నెల నుంచి ఉన్న అంకె. మొదటి సులభ సూత్రంతో, సున్నా పాయింట్ మూడు ఘాతం వేసి ఒక్కసారి పోల్చి చూసినా ఇది బయటపడేది. ఆ విలువ దీనికి దగ్గరగానే వచ్చింది. పోల్చి చూసుకొనుట తప్పనిసరి అని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నేను పోల్చలేదు.

“అయితే కూలరు చిన్నగున్నది,” అంది ఆమె.

“అవును.”

“నా తప్పు లేదు.”

“లేదమ్మా. తప్పు నాది.”

ఆమె కాగితాలు పోగు చేసుకుంది. “మీరు గీ మాట మిల్లుల చెప్తరా సార్?” అని అడిగింది. చెబుతానన్నాను. సంశయంగా చూసింది. అధ్యాపకుడి మాట మీద సంశయం విద్యార్థి ముఖంలో చూడడం నాకు అదే మొదలు.

ముందు వెల్డింగ్ షాపుకు వెళ్లాను. అతను ముఖకవచం ఎత్తి, స్టూలు తుడిచి వేశాడు. నేను కాగితం చూపించి విషయం చెప్పాను. ఆ పంక్తి మీద వేలు పెట్టి చూశాడు.

“అయ్యో,” అన్నాడు నెమ్మదిగా. “ఇన్నేండ్ల నుంచి గట్లనే వేస్తున్న సార్. మస్తు హీటర్లు చేసిన, ఒక్కటి గూడ వాపస్ రాలే.”

“హీటర్లకు నీ పద్ధతి సరిపోతుంది. కూలరు ఇదే మొదటిది కదా?”

“ఇదే మొదటిది.” కవచం పక్కన పెట్టాడు. “ఆమెను నేనే బద్నాం చేసిన. ‘మా సార్ చెప్పింది తప్పైతదా’ అని అందరి ముందు అన్న.” కాగితం నాకు తిరిగి ఇస్తూ, “మీరు చెప్పినట్లే చేసిన సార్. మీ మీద ఏస్తలేను. ఊకె చెప్తున్న,” అన్నాడు.

అతను ఇంకా సగం ట్యూబులు జోడిస్తానన్నాడు. నేను రెండవ కాగితం రాశాను. మొదటి దానికంటే పొడవైనది. నిష్పత్తి తలకిందులైన తీరు, ఆ పద్ధతి నేను నేర్పినదేనన్న సంగతి, నిర్వహణలో లోపం ఏ మాత్రం లేదన్న సంగతి వరుసగా పెట్టాను. దాన్ని తీసుకొని మొదటిసారి మిల్లుకు నడిచి వెళ్లాను. తవుడు వాసన గేటు దగ్గరి నుంచే కొడుతున్నది. నా మొదటి కాగితం గోడ మీద అలాగే ఉంది, మూలలకు టేపు.

యజమాని రెండవ కాగితాన్ని నిలబడే చదివాడు.

“సార్, మీరు పెద్దోళ్లు. మొదట గది రాసిండ్రు, ఇప్పుడు గిది రాసిండ్రు. నేను ఏది నమ్మాలె?”

“రెండవది. ట్యూబులు పెంచిన తరువాత మీ థర్మామీటరే చెబుతుంది.”

“ట్యూబులు పెంచుత. దాంట్ల నాకేం ఇబ్బంది లేదు.” కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఆమె సంగతి వేరే సార్. తీసినంక నా ఆఫీసుల అందరి ముందు నిలబడి, ‘మీ సార్‌కు గూడ ఎరుక లేదు, మీకు గూడ ఎరుక లేదు’ అన్నది. ఆ సీట్ల వేరేటాయన వచ్చిండు. ఇప్పుడు ఆయనను తీసి ఆమెను కూసోబెడితే నా మాటకు ఇజ్జత్ ఉంటదా?”

“ఆమె చెప్పింది నిజం. నాకు ఎరుక లేదు.”

“నిజమే కావచ్చు సార్. టీ తాగుతరా?”

నేను తాగలేదు. గోడ మీది కాగితం తీసేయమని, దాని చోట రెండవది పెట్టమని అడిగాను. పెట్టిస్తానన్నాడు. మళ్లీ వెళ్లినప్పుడు గోడ ఖాళీగా ఉంది. టేపు ముక్కలు మాత్రం నాలుగు మూలలా ఉన్నాయి.

ట్యూబులు పెంచారు. కూలరు మొదటి రోజు నుంచే సరిగా పని చేసింది. షాపు అతను ఫోన్ చేసి అంకె చెప్పాడు. కొత్త ఇన్‌ఛార్జికి మంచి పేరు వచ్చిందని కూడా చెప్పాడు. అతను వచ్చాకనే నూనె బాగుపడిందని మిల్లులో అనుకుంటున్నారట.

ఆమె టేక్మాల్ దారిలో ఒక రైస్ మిల్లులో తూకం దగ్గర పని చేస్తున్నదని తెలిసి, రెండవ కాగితం నకలు తీసుకొని షేర్ ఆటోలో వెళ్లాను. ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. రేకుల షెడ్డు కింద ఆమె చీటీలు రాస్తున్నది. నన్ను చూసి లేచింది. కుర్చీ ఒకటే ఉంది. దాన్ని నాకిచ్చి తాను నిలబడి రాసింది. ఒక ట్రాక్టరు డ్రైవరు, “మేడం, జర జల్ది రాయుండ్రి, ఎండల మాడి చస్తున్నం,” అన్నాడు. “ధాన్యం నీదే గద, నువ్వే మోసుకోని నీడకు పో,” అంది ఆమె తల ఎత్తకుండానే. వరుసలో ఎవరో నవ్వారు.

వరుస కొంచెం తగ్గాక కాగితం ఇచ్చాను. మొదటి నుంచి చివరి దాకా చదివింది. నా సంతకం దగ్గర ఆగింది.

“బాగ రాసిండ్రు సార్,” అంది. “అన్నీ రాసిండ్రు.”

“ఇది ఎక్కడ చూపించినా పనికి వస్తుంది. మరో నూనె మిల్లు ఏదైనా...”

“మొదటిది చదివినోళ్లు మిల్లు మొత్తం సార్. ఇది చదివినోళ్లు ముగ్గురు. మనమిద్దరం, ఆ సేటు.” కాగితాన్ని మడతల వెంటే మడిచి నా చేతికి ఇచ్చింది. “మీ కాడనే ఉంచుండ్రి. నా కాడ పాడైతది, ఈడ అంత దుమ్ము.”

తీసుకున్నాను. తప్పు నాదని మళ్లీ చెప్పబోయాను కాని, ఆ మాట ఆమె ఇదివరకే విన్నది. దానితో ఆమె చేయగలిగినది ఏమీ లేదు.

ఆమె తరువాతి ట్రాక్టరు లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. చీటీ పుస్తకం తెరుస్తూ అడిగింది.

“ఇప్పుడు ఎంతొస్తుంది సార్, కూలరు మీద?”

“నూట ఇరవై ఒకటి.”

“కరెక్టే,” అంది. తూకం అంకె చూసి చీటీ మీద రాసుకుంది.